ప్రీవిజ్‌లో నిండుగా ఉన్న రాక్షసుడు రెక్కీలో ఛాతీ దాకే వస్తున్నాడు, తేడా ఎక్కడ?

డబ్బాల_దొర
ఒక్కటే షాట్, 8 సెకన్లు, 24 లెక్కన 192 ఫ్రేములు. వీధిలో ఒక కుర్రాడు కెమెరా వైపు పరిగెత్తుకొచ్చి, 3 మీటర్ల దూరంలో ఆగి వెనక్కి తిరుగుతాడు. కెమెరాకి 20 మీటర్ల దూరంలో, ఎడమ పక్క సందులోంచి 16 మీటర్ల రాక్షసుడు వీధికి అడ్డంగా నడిచొచ్చి 110వ ఫ్రేములో ఒక కారు మీద కాలేస్తాడు. కెమెరా 1.2 మీటర్ల ఎత్తులో మొదలై 48 నుంచి 96 లోపు 6 మీటర్లకి లేస్తుంది.

షూటింగ్‌కి ముందు షాట్ ఎలా ఉంటుందో చూపించే ప్రీవిజ్‌ని బ్లెండర్‌లో అన్నీ డబ్బాలతోనే కట్టాను. బిల్డింగులకి డబ్బాలు, రాక్షసుడికి ఓ తొమ్మిది దిమ్మలు, కుర్రాడికి 1.8 మీటర్ల బొమ్మ. 24 మి.మీ. లెన్స్. డైరెక్టర్ చూసి ఓకే అన్నాడు.

నిన్న రెక్కీలో అలెక్సా మినీ 2.8కె మోడ్‌లో పెట్టి, అదే 24 మి.మీ. లెన్స్, అదే ఎత్తు, అదే దూరం చూశాం. రాక్షసుడు నిలబడాల్సిన చోట 12 మీటర్ల బిల్డింగ్ ఉంది. ప్రీవిజ్‌లో దాని పైన బోలెడంత ఆకాశం. అసలు కెమెరాలో వీధి నేలని ఫ్రేములో ఉంచితే బిల్డింగ్ పిట్టగోడ కూడా రావట్లేదు. అంటే నా రాక్షసుడికి తల లేదు. పైగా క్రేన్ ఆపరేటర్ ప్రీవిజ్ చూసి నవ్వేసి "ఇది క్రేన్ కాదు, లిఫ్టు" అన్నాడు. ఎక్కడ తేడా కొట్టింది?

రోటో_రాణి
గ్రీన్ మ్యాట్ వేయకుండా పగటి వెలుగులో ఇదంతా ఎలా కట్ చేస్తారు? ముందు ట్రాకింగ్ మార్కర్లు పెట్టించండి, కనీసం ఓ పది. రాక్షసుడి వెనకాల గ్రీన్ లేకపోతే అంచులు...

పాత_మిచెల్
రాణిగారూ, షూటింగ్ ఇంకా మొదలే కాలేదు. ఆయన అడిగేది ఫ్రేమ్ ఎందుకు కలవట్లేదని. పైగా రాక్షసుడు ముందు నిలబడేవాడు, వాడి వెనకాల గ్రీన్ ఎందుకు?

రోటో_రాణి
అయ్యో, నిజమే. కుర్రాడి వెనకాల అనబోయాను. సరే, తర్వాత మాట్లాడదాం.

లెన్సుల_లింగం
దొరగారూ, కెమెరా సెట్టింగుల్లో `Sensor Width` ఎంత ఉందో చూడండి. ముట్టుకోకపోతే 36 మి.మీ. ఉంటుంది.

డబ్బాల_దొర
36 ఉంది. లెన్స్ 24 అని కొట్టాను, అంతే.

లెన్సుల_లింగం
ఇక దొరికినట్టే. 2.8కె 16:9 మోడ్‌లో ఆ కెమెరా సెన్సర్ వాడుకునేది 23.76 × 13.37 మి.మీ. మాత్రమే. మీ బ్లెండర్ కెమెరా 36 మి.మీ. సెన్సర్ మీద చూస్తోంది. లెన్స్ నంబరు ఒకటే అయినా చూపు వేరు.

లెక్క చాలా తేలిక. ఎంత దూరంలో ఎంత వెడల్పు కనిపిస్తుందో కావాలంటే దూరాన్ని సెన్సర్ వెడల్పుతో గుణించి లెన్స్‌తో భాగించండి. 20 మీటర్ల దగ్గర మీ ప్రీవిజ్‌లో 20 × 36 ÷ 24, అంటే 30 మీటర్లు. 16:9 కాబట్టి నిలువు 16.9. పదహారు మీటర్ల రాక్షసుడు సరిగ్గా సరిపోయాడు. అసలు కెమెరాలో 20 × 23.76 ÷ 24 = 19.8 మీటర్లు. నిలువు 11.1 మాత్రమే.

మీ పిట్టగోడ సాక్ష్యం కూడా దీనికి సరిపోతుంది. కెమెరా 1.2 మీటర్ల ఎత్తులో ఉంది, పైకి చూస్తోంది కాబట్టి కోణాల్లో చూడాలి. ఆ మోడ్‌లో 24 లెన్స్‌కి నిలువు చూపు 31 డిగ్రీలు. 20 మీటర్ల దగ్గరి నేలని అడుగు అంచులో పెడితే పై అంచు 11.7 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. 12 మీటర్ల పిట్టగోడ పోయింది. పాదాల నుంచి 16 మీటర్ల నడినెత్తి దాకా రావాలంటే దాదాపు 40 డిగ్రీలు కావాలి.

క్యూబ్_కుమార్
అదే కదా, క్రాప్ ఫ్యాక్టర్ 1.5. 24 ని 1.5తో గుణిస్తే 36. సెట్‌లో 36 మి.మీ. లెన్స్ పెట్టించండి, సరిపోతుంది.

లెన్సుల_లింగం
క్రాప్ 1.5 అన్నది కరెక్టే కానీ దిక్కు తిరగబడింది కుమార్. 36 పెడితే ఇంకా బిగుస్తుంది, రాక్షసుడు నడుము దాకే వస్తాడు. భాగించాలి. 24 ÷ 1.5 = 16. అసలు కెమెరా మీద 16 మి.మీ. పెడితే 20 మీటర్ల దగ్గర 29.7 మీటర్ల వెడల్పు, ప్రీవిజ్‌లో ఉన్నదే దాదాపుగా.

పాత_మిచెల్
ఫైనల్ స్కోప్ అయితే? 19.8 మీటర్ల వెడల్పుని 2.39 తో భాగిస్తే నిలువు 8.3. రాక్షసుడి ప్యాంటు బ్రాండు కనిపిస్తుంది, అంతే.

డబ్బాల_దొర
16:9 కే డెలివరీ, దేవుడి దయ. `Sensor Width` 23.76 చేసి చూశాను, అచ్చం రెక్కీ ఫ్రేమే వచ్చింది, పిట్టగోడతో సహా మాయం. సరే, ఇప్పుడు 16 లెన్స్ మేలా, 24 ఉంచి కెమెరాని 30 మీటర్లకి వెనక్కి లాగడం మేలా? రెండిట్లోనూ వెడల్పు 29.7 వస్తోంది. డీఓపీకి 16 ఇష్టం లేదు, అంచులు సాగుతాయంటున్నారు.

లెన్సుల_లింగం
రాక్షసుడు ఒక్కడే ఉంటే రెండూ ఒకటే. కానీ ముందు కుర్రాడున్నాడు. 16 పెట్టి 20 మీటర్ల దగ్గరే ఉంటే, 3 మీటర్ల దూరంలో నిలువు 2.5 మీటర్లు కనిపిస్తుంది, ప్రీవిజ్‌లో ఉన్నట్టే. కెమెరాని వెనక్కి లాగి కుర్రాడిని కూడా 3 మీటర్లకే తెస్తే 24 లెన్స్‌కి అక్కడ కనిపించేది 1.67 మీటర్లు. 1.8 మీటర్ల మనిషి ఆ ఫ్రేములో పట్టడు, పాదాల దగ్గర తెగుతాడు. కుర్రాడిని ఇంకా దూరం జరపొచ్చు. 4.5 మీటర్లకి జరిపితే మళ్లీ 2.5 నిలువు వస్తుంది. కానీ అప్పుడు వాడికీ రాక్షసుడికీ మధ్య 17 మీటర్లు కాదు, 25.5. అది డైరెక్టర్ ఓకే చేసిన షాట్ కాదు.

పాత_మిచెల్
డీఓపీ భయం ఊరికే కాదు. 16 లో పైమూలకి వెళ్లే తల పక్కకి సాగుతుంది. బ్లెండర్ కూడా ఆ పర్‌స్పెక్టివ్ సాగుడు చూపిస్తుంది, కాబట్టి ప్రీవిజ్‌లోనే చూసుకోవచ్చు. చూపించనిది లెన్స్ వంపు. ప్రీవిజ్‌లో నిటారుగా ఉన్న గోడ అసలు లెన్స్‌లో కొద్దిగా పొట్టలా ఉబ్బుతుంది. వాడబోయే లెన్స్‌తోనే ఒక గళ్ల చార్టు షూట్ చేసి పెట్టుకోండి. అదే మోడల్ కదా అని ఇంకో సెట్టు లెన్స్‌తో తీయకండి.

డబ్బాల_దొర
16 కే కట్టుబడ్డాం. ఇక ఆ "లిఫ్టు" సంగతి?

గ్రిప్_గోపన్న
ఆపరేటర్ సరిగ్గానే నవ్వాడు. నీ ప్రీవిజ్‌లో కెమెరా నిట్టనిలువుగా గీత గీసినట్టు పైకి పోతోంది కదా? జిబ్ ఆర్మ్ అలా పోదు. పివట్ చుట్టూ వంపుగా తిరుగుతుంది.

లెక్క చెప్తాను. పివట్ 1.8 మీటర్ల ఎత్తులో, పివట్ నుంచి కెమెరాకి ఆర్మ్ 6 మీటర్లు అనుకో. కెమెరా 1.2 దగ్గర ఉన్నప్పుడు ఆర్మ్ దాదాపు పడుకుని ఉంటుంది, కెమెరా పివట్‌కి 5.97 మీటర్ల ముందు ఉంటుంది. 6 మీటర్ల ఎత్తుకి లేచేసరికి ఆర్మ్ 44 డిగ్రీల్లో ఉంటుంది, కెమెరా 4.28 మీటర్ల ముందు మాత్రమే. అంటే లేస్తూ లేస్తూ 1.7 మీటర్లు వెనక్కి వచ్చేసింది. రాక్షసుడికి 20 కాస్తా 21.7 అయితే పెద్దగా తేడా లేదు. కుర్రాడికి 3 కాస్తా 4.7 అయితే వాడు అమాంతం చిన్నగా కనిపిస్తాడు. ఎత్తు పెరిగిన లెక్క ఇందులో ఇంకా కలపలేదు.

కీఫ్రేమ్_కనకం
అందుకే కెమెరాకి నేరుగా కీ పెట్టకూడదు. డబ్బాలతోనే క్రేన్ కట్టాలి. పివట్ దగ్గర ఒక ఎంప్టీ, అంటే రెండర్‌లో కనపడని గుర్తు, 1.8 ఎత్తులో. దానికి `Limit Rotation` వేసి కింద -10, పైన 45 డిగ్రీలకి బిగించండి. 6 మీటర్ల చివర ఇంకో ఎంప్టీ, మొదటిదానికి పిల్లగా. కెమెరాని ఆ చివరి ఎంప్టీకి పిల్లగా చేయొద్దు, `Copy Location` మాత్రం ఇవ్వండి. రిమోట్ హెడ్ కూడా అంతే కదా, ఆర్మ్ ఎంత వాలినా కెమెరా తన పాన్, టిల్ట్ తను చూసుకుంటుంది. ఇక కీలన్నీ పివట్ రొటేషన్ మీద, కెమెరా పాన్, టిల్ట్ మీద మాత్రమే. అలా చేస్తే క్రేన్ చేయలేనిది మీ ప్రీవిజ్ కూడా చేయలేదు.

గ్రిప్_గోపన్న
కనకం చెప్పినదానికి ఒకటి కలుపు. పివట్ వెనకాల తోక కూడా డబ్బాగా పెట్టు, బరువులతో సహా. ముందు కెమెరా లేస్తే వెనక తోక దిగుతుంది. దాని పక్కన ఇద్దరు మనుషులు నిలబడాలి. ఆ డబ్బా గోడలోకి దూరిందంటే ఆ వీధిలో ఆ క్రేన్ పట్టదని అర్థం. చాలా ప్రీవిజ్‌లలో కెమెరా ఒక్కటే గాల్లో తిరుగుతుంటుంది, మేమేమో గోడలో దూరాలి.

క్యూబ్_కుమార్
దొరగారూ, మీ లొకేషన్ ఫోన్‌తో త్రీడీ స్కాన్ చేసి ఉంటే ఇదంతా తేలిపోయేది.

కీఫ్రేమ్_కనకం
స్కాన్ మంచిదే కానీ ఈ పనికి టేపు చాలు. వీధి వెడల్పు, గోడల ఎత్తు, కరెంటు తీగల ఎత్తు, ఫుట్‌పాత్ గట్టు. ఫోన్ స్కాన్ తెస్తే ముందు దాని స్కేల్ సరిచూడాలి. తలుపు ఎత్తు కొలిచి పోల్చకుండా వాడితే మళ్లీ సెన్సర్ కథే.

డబ్బాల_దొర
క్రేన్ డబ్బా కట్టాను. 7 మీటర్ల వీధిలో తోక పట్టింది కానీ మనుషులకి చోటు ఇరుకు. పివట్‌ని అర మీటరు కుడికి జరిపాను. 1.7 మీటర్లు వెనక్కి రావడం మాత్రం బాలేదు, కుర్రాడు ముఖ్యం.

గ్రిప్_గోపన్న
ఆర్మ్ లేస్తున్నంతసేపూ బేస్‌ని పట్టాల మీద 1.7 మీటర్లు ముందుకి తోస్తే సరి. అంటే పట్టాలు, ఇంకో మనిషి, రెండు కదలికలు ఒకేసారి కలవాలి. లేదంటే టెలిస్కోపిక్ ఆర్మ్ తెప్పించు, లేస్తూ సాగుతుంది.

పాత_మిచెల్
లేదంటే వెనక్కి రావడాన్నే ఒప్పుకోండి. రాక్షసుడు వచ్చాక కుర్రాడు చిన్నగా కనిపిస్తేనే కథకి మంచిదని నా అభిప్రాయం. దానికోసం పట్టాలు వేయడం దండగ.

కీఫ్రేమ్_కనకం
నేను ఒప్పుకోను. కుర్రాడు తిరిగి చూసే క్షణం 96వ ఫ్రేము దగ్గరుంది, ముఖం కనపడాలి. అక్కడ వాడు చిన్నగా కనిపిస్తే షాట్ ఎవరిదో తెలియదు.

గ్రిప్_గోపన్న
మీరు మీరు తేల్చుకోండి, నాకు పట్టాలు ఎన్ని మీటర్లో చెప్పండి చాలు. దానికంటే పెద్ద గొడవ వేగం. 4.8 మీటర్ల ఎత్తు రెండు సెకన్లలో అన్నావు. సగటు సెకనుకి 2.4 మీటర్లు. మొదట, చివర మెత్తగా ఉంది కాబట్టి మధ్యలో ఇంకా ఎక్కువ పోతోంది. అంత బరువు అంత వేగంగా లేపడం కంటే ఆపడం కష్టం. ఆపిన చోట ఆర్మ్ చివర ఊగుతూనే ఉంటుంది, నీ ఫ్రేము ఒక సెకను పాటు జెల్లీలా ఉంటుంది.

కీఫ్రేమ్_కనకం
రెండు కీల మధ్య మామూలు ఈజ్ ఉంటే మధ్యలో వేగం సగటుకి ఒకటిన్నర రెట్లు. అంటే 72వ ఫ్రేము దగ్గర 3.6. ఊహించక్కర్లేదు, ఇది టెక్స్ట్ ఎడిటర్‌లో పెట్టి నడపండి. ఫ్రేము, కెమెరా ఎత్తు, సెకనుకి మీటర్లు కన్సోల్‌లో వస్తాయి.

```python
import bpy
sc = bpy.context.scene
cam = sc.camera
prev = None
for f in range(sc.frame_start, sc.frame_end + 1):
    sc.frame_set(f)
    p = cam.matrix_world.translation.copy()
    if prev is not None:
        v = (p - prev).length * sc.render.fps
        print(f, round(p.z, 2), round(v, 2))
    prev = p
```

సీన్ యూనిట్లు మీటర్లలోనే ఉండాలి. సెంటీమీటర్ల స్కేల్‌లో కట్టిన ఫైలు తెస్తే నంబర్లు వందరెట్లు వస్తాయి, గుండె ఆగుతుంది.

డబ్బాల_దొర
పాత ఫైల్లో 72 దగ్గర సరిగ్గా 3.6 వచ్చింది. క్రేన్ కట్టిన కొత్త ఫైల్లో వంపు దారి కాబట్టి 3.9. గోపన్న గారూ, ఎంతైతే ఫర్వాలేదు?

గ్రిప్_గోపన్న
ఆర్మ్, హెడ్, కెమెరా బరువు చూడకుండా ఒక నంబరు చెప్పను. కానీ నాలుగు సెకన్లిస్తే గరిష్ఠం 2 దగ్గరికి దిగుతుంది, అది నేను బతిమాలకుండా చేసే పని. 24 దగ్గర మొదలుపెట్టి 120 కి ముగించు.

డబ్బాల_దొర
120 కి ముగిస్తే 110 లో కాలు పడేటప్పటికి క్రేన్ ఇంకా కదులుతోంది. డైరెక్టర్‌కి ఆ దెబ్బ స్థిరమైన ఫ్రేములో కావాలి.

పాత_మిచెల్
110 దగ్గరికి క్రేన్ చివరి పది ఫ్రేముల్లో ఉంటుంది, వేగం చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. పైగా దెబ్బకి కెమెరా అదురు ఎలాగూ పోస్ట్‌లో కలుపుతారు. సెట్‌లో మాత్రం ఎవరూ కెమెరాని కదిలించకూడదు. అక్కడ నిజంగా అదిరితే దాన్ని తీసేయడం నరకం.

బరువు_భాను
కాలు 110 లో పడటం గురించి నాకు వేరే అనుమానం. రాక్షసుడు ఒక్కో అడుగు ఎన్ని ఫ్రేముల్లో వేస్తున్నాడు?

డబ్బాల_దొర
16 ఫ్రేములు. మొత్తం ఐదు అడుగులు, ఒక్కోటి 4 మీటర్లు. సందులోంచి కారు దాకా 20 మీటర్లు.

బరువు_భాను
అనుకున్నా. 16 మీటర్ల వాడికి 4 మీటర్ల అడుగంటే 1.8 మీటర్ల మనిషి 45 సెంటీమీటర్ల అడుగులు వేసినట్టు. పట్టుచీర కట్టుకున్న రాక్షసుడా?

ఎత్తు ఎన్ని రెట్లయితే దాని వర్గమూలం అంతగా కదలిక నెమ్మదించాలి. 16 ని 1.8 తో భాగిస్తే దాదాపు 9, వర్గమూలం 3. మనిషి మామూలుగా నడిస్తే అడుగుకి అర సెకను, 12 ఫ్రేములు. వీడికి 36 ఫ్రేములు కావాలి. అడుగు నిడివి మాత్రం 9 రెట్లు, మనిషిది 75 సెంటీమీటర్లయితే వీడిది 6.7 మీటర్లు.

క్యూబ్_కుమార్
అయితే మొత్తం యానిమేషన్ మూడు రెట్లు స్లో చేసేస్తే అయిపోతుంది.

బరువు_భాను
అలా చేస్తే ఐదు అడుగులకి 240 ఫ్రేములవుతాయి. షాటే 192. నెమ్మది చేయడం కాదు, అడుగులు తగ్గించాలి. రెండే అడుగులు, 72 ఫ్రేములు, 13 మీటర్లు. 20 మీటర్ల దగ్గర ఫ్రేమ్ వెడల్పు 29.7 కాబట్టి 13 హాయిగా పడుతుంది. 110 లో కాలు పడాలంటే నడక 38 లో మొదలవ్వాలి. మిగతా 7 మీటర్లు సందులోనే, బిల్డింగ్ వెనకాల, చూపించక్కర్లేదు. దుమ్ము, కిటికీ అద్దాల అదురు చాలు.

క్యూబ్_కుమార్
కానీ మూడు రెట్లు నెమ్మదిస్తే ప్రేక్షకుడికి విసుగు. కొందరు రాక్షసుల్ని కావాలనే చురుగ్గా తీస్తారు.

బరువు_భాను
ఈ మాట మాత్రం నిజం, దీనికి ఒక్క జవాబు లేదు. ఆ లెక్క మామూలు నడకకి. వాడు పరిగెత్తినా, కోపంతో తొక్కినా వేగం పెంచొచ్చు. 36 ని 28 దాకా తగ్గిస్తే నేనేమీ అనను. ఒక్కదాంట్లో మాత్రం బేరం లేదు, పడేవాటిలో. దొరగారి ప్రీవిజ్‌లో పిట్టగోడ ముక్కలు పడుతున్నాయా?

డబ్బాల_దొర
పడుతున్నాయి. కాలు పడ్డాక 18 ఫ్రేముల్లో నేలకి.

బరువు_భాను
18 ఫ్రేములంటే 0.75 సెకను. ఆ వ్యవధిలో ఏ వస్తువైనా 2.8 మీటర్లే పడుతుంది. 12 మీటర్లు పడాలంటే 1.56 సెకన్లు, 38 ఫ్రేములు. ప్రేక్షకుడు లెక్కలు వేయడు కానీ 18 లో పడితే కళ్లకి అది 2.8 మీటర్ల బొమ్మ బిల్డింగ్ అయిపోతుంది. దాని పక్కన రాక్షసుడు కూడా 3.7 మీటర్ల ఆసామి అయిపోతాడు. డబ్బా ముక్కలే అయినా రిజిడ్ బాడీ వేసి పడనివ్వండి, చేత్తో కీలు పెట్టొద్దు.

డబ్బాల_దొర
38 వేస్తే ముక్కలు 148 లో నేల తాకుతాయి. చివర కుర్రాడి మీద నిలిపే టైం 44 ఫ్రేములు మిగులుతుంది. సరిపోతుంది అనుకుంటున్నా. డైరెక్టర్‌కి కొత్త వెర్షన్ పంపాను, "నెమ్మదించింది, ఎందుకు?" అని అడిగాడు. వారం రోజులు పాత వేగానికి అలవాటు పడ్డాడు మరి.

పాత_మిచెల్
ఆదిలోనే హంసపాదు అంటే ఇదే. కొలతలు సరిచూడని ప్రీవిజ్ చూపిస్తే ఆ వేగం, ఆ లెన్స్ ఆయన బుర్రలో అచ్చు పడిపోతాయి. అందుకే నేను బూడిదరంగు డబ్బాల్లోనే చూపిస్తాను. టెక్స్చర్లు వేస్తే ఆకాశం రంగు మీద కూడా చర్చ మొదలవుతుంది.

కీఫ్రేమ్_కనకం
బూడిదరంగుకి నేను పూర్తిగా ఒప్పుకోను. నీడలు మాత్రం పెట్టాలి. దొరగారూ, మీ షాట్‌లో ఎండ ఎటు నుంచి?

డబ్బాల_దొర
రాక్షసుడి వెనక నుంచి, కెమెరా వైపు. అంచులు మెరవాలని.

కీఫ్రేమ్_కనకం
అయితే రాక్షసుడి నీడ కుర్రాడి మీదకి వస్తుంది. సూర్యుడు 40 డిగ్రీల ఎత్తులో ఉంటే 16 మీటర్ల వాడి నీడ 19 మీటర్లు. కుర్రాడు వాడికి 17 మీటర్ల దూరంలో ఉన్నాడు, తల నీడలో మునుగుతాడు. 60 డిగ్రీలైతే నీడ 9 మీటర్లే, కుర్రాడి దాకా రాదు. షూటింగ్ ఏ వేళకి పెట్టారో దాన్నిబట్టి షాటే మారుతుంది. ఎండలో తీసిన ముఖం మీద పోస్ట్‌లో నీడ వేయడం ఎంత దరిద్రమో రాణిగారిని అడగండి.

రోటో_రాణి
ఇప్పుడు నా వంతు వచ్చింది! నిజంగానే దరిద్రం. ముక్కు కింద, కనుబొమల కింద ఎండ వేసిన గట్టి నీడలు అలాగే ఉండిపోతాయి. జుట్టు అంచున మెరుపు చెరగదు. 40 డిగ్రీల వేళే ఖాయమైతే కుర్రాడి మీద నల్లగుడ్డ పట్టించండి, నీడ పడే ఫ్రేము నుంచి. ఆ ఫ్రేము నంబరు ప్రీవిజ్ చెప్పాలి.

కీఫ్రేమ్_కనకం
బ్లెండర్‌కి `Sun Position` యాడ్ఆన్ ఉంది. అక్షాంశం, రేఖాంశం, తేదీ, గంట ఇస్తే సూర్యుడిని అక్కడ పెడుతుంది. వీధి ఏ దిక్కుకి ఉందో ముందు సరిగ్గా తిప్పుకోవాలి, లేకపోతే అదీ అబద్ధమే చెప్తుంది.

డబ్బాల_దొర
పెట్టి చూశాను. అనుకున్న వేళకి సూర్యుడు 43 డిగ్రీలు. నీడ కొస 17.2 మీటర్లు, అంటే అంచు సరిగ్గా కుర్రాడి దగ్గర. అటూ కాదు, ఇటూ కాదు.

రోటో_రాణి
అన్నిటికంటే చెత్త అదే. ఒక టేక్‌లో బూట్ల మీద, ఇంకో టేక్‌లో మోకాళ్ల మీద పడుతుంది. గంట ముందో వెనకో జరిపించండి.

లెన్సుల_లింగం
నీడతో పాటు కళ్లు కూడా. కుర్రాడు తిరిగి ఎక్కడ చూడాలి? కళ్లు 1.65 మీటర్ల ఎత్తులో, రాక్షసుడి ముఖం 15 మీటర్ల దగ్గర, దూరం 17. అంటే 38 డిగ్రీలు పైకి. సెట్‌లో 15 మీటర్ల కర్ర ఎవరూ పట్టలేరు. కుర్రాడికి 4 మీటర్ల దూరంలో కర్ర చివర బంతి 4.8 మీటర్ల ఎత్తులో పెడితే అదే కోణం. కర్ర ఫ్రేములో ఉంటుంది, చెరిపేయాల్సిందే.

ఒక చిక్కు ఉంది. రాక్షసుడు 13 మీటర్లు పక్కకి నడుస్తాడు, కాబట్టి బంతి కూడా కదలాలి. 13 ని 17 తో భాగించి 4 తో గుణిస్తే 3 మీటర్లు. 38 నుంచి 110 లోపు, అంటే మూడు సెకన్లలో కర్ర పట్టుకున్న మనిషి 3 మీటర్లు నడవాలి. మామూలు నడకే.

గ్రిప్_గోపన్న
సెట్‌లో "110వ ఫ్రేము" అంటే ఎవరికీ అర్థం కాదు. సెకన్లలో ఇవ్వు. 24 అంటే 1.0, క్రేన్ లేస్తుంది. 38 అంటే 1.6, కర్ర మనిషి నడక. 110 అంటే 4.6, దుమ్ము. 120 అంటే 5.0, క్రేన్ ఆగుతుంది. వీటికి వేర్వేరు బీప్‌లు పెట్టి ఒక ఆడియో ఫైలు చేసి స్పీకర్‌లో వేస్తే అందరూ ఒకే తాళంలో ఉంటారు. అసిస్టెంట్ నోటితో లెక్కపెడితే రెండో టేక్‌కే తేడా వస్తుంది.

క్యూబ్_కుమార్
డైలాగ్ ఉంటే బీప్‌లు పాడుచేయవా?

గ్రిప్_గోపన్న
కుర్రాడు అరుస్తాడంతే కదా, డబ్బింగ్‌లో అరవమను.

డబ్బాల_దొర
సెట్‌కి ఇచ్చే కాగితంలో ఇవి రాశాను: 16 మి.మీ., 23.76 సెన్సర్, మొదటి ఎత్తు 1.2, చివరి ఎత్తు 6, పివట్ 1.8, ఆర్మ్ 6, కుర్రాడి గుర్తు 3 మీటర్లు, బంతి 4.8, పైన సెకన్లు. వీడియో మీద కూడా నంబర్లు పడాలంటే?

కీఫ్రేమ్_కనకం
`Output` ట్యాబ్‌లో `Metadata` కింద `Burn Into Image` టిక్ పెట్టి `Frame`, `Lens` ఉంచండి, మిగతావి తీసేయండి. కెమెరా ఎత్తు అందులో ఉండదు. దానికి క్రేన్ పక్కన ప్రతి అర మీటరుకీ గీత ఉన్న ఒక స్తంభం డబ్బా పెట్టి, పక్క నుంచి చూసే రెండో కెమెరాతో ఇంకో వీడియో తీయండి. గోపన్న గారికి అసలు షాట్ కంటే ఆ పక్క వీడియోనే పనికొస్తుంది.

గ్రిప్_గోపన్న
పై నుంచి చూసేది కూడా ఒకటి. తోక ఎటు తిరుగుతుందో అందులోనే తెలుస్తుంది.

డబ్బాల_దొర
రెండూ తీస్తున్నా. పట్టాల సంగతి ఇంకా తేలలేదు. 1.7 మీటర్లు వెనక్కి వచ్చే వెర్షన్, రాని వెర్షన్ రెండూ డైరెక్టర్‌కి పక్కపక్కన పెట్టి పంపాను. రాని దాంట్లో బేస్ ముందుకి తోసే వేగం గరిష్ఠం 0.9 వచ్చింది.

గ్రిప్_గోపన్న
0.9 అయితే తోస్తాం. పట్టాలు మాత్రం 3 మీటర్లు వేయించు. బేస్ పొడవు వేరే ఉంటుంది, 1.7 తో సరిపోదు.